జలమట్టం పెరిగింది, 12 నుంచి 18కి

పడిపోతున్న భూగర్భ జలాలపై గౌరవ శాసనసభ్యులవారి కార్యాలయానికి సంక్షిప్త నివేదిక రాయడం ఒక కళ అని నాకు కాస్త ఆలస్యంగా బోధపడింది. నేను మొదట పంపిన నివేదికలో, పరిశీలక బావుల్లో నీరు నేలమట్టానికి 12 మీటర్ల కింద నుంచి 18 మీటర్ల కిందికి చేరిందని ఒక వాక్యం ఉంది. దానికి కార్యాలయం నుంచి అభినందనలు వచ్చాయి. 12 కన్నా 18 పెద్దది కాబట్టి జలమట్టం పెరిగినట్టేననీ, ఆ పెరుగుదలకు కారకులెవరో కూడా నివేదికలో చేర్చితే సముచితంగా ఉంటుందనీ వారి అభిప్రాయం. ఆ సంఖ్య లోతును సూచిస్తుందని వివరిస్తూ ఒక గ్రాఫు గీసి పంపాను. గీత కిందికి పోతున్నందున ధోరణి నిరాశాజనకంగా ఉందంటూ దాన్ని తిప్పి పంపారు.

అప్పుడు నేను ఆధారాల విభాగాన్ని సవరించడానికి కూర్చున్నాను. వానలు మొదలయ్యే ముందు బావుల్లో నీరు అట్టడుగున ఉంటుంది, వానలు వెలిసిన కొన్ని వారాలకు పైకి వస్తుంది. కాబట్టి ఎండాకాలపు కొలతను ఎండాకాలపు కొలతతోనూ, వానల తరువాతి కొలతను వానల తరువాతి కొలతతోనూ, అదీ కనీసం పదేళ్లపాటు పోల్చి చూడాలన్నది పాత పద్ధతి. నిరుటి ఎండాకాలాన్ని ఈ ఏటి వానల తరువాతి నెలతో పోల్చడం కొత్త పద్ధతి. ఇందులో ప్రతి ఏడూ నీరు పెరుగుతుంది. అబద్ధమాడాల్సిన అవసరం లేకుండా కేలండరే ఆ పని చేసి పెడుతుంది.

అంతకన్నా సున్నితమైన ఉపాయం సగటులో ఉంది. ఒక ప్రాంతంలో పది పరిశీలక బావులున్నాయనీ, నిరుడు వాటి నీటి లోతు సగటు 17 మీటర్లనీ అనుకుందాం. వాటిలో ఏడింటి సగటు 13 మీటర్లు. మిగిలిన మూడింటి లోతు ఇంచుమించు 26 మీటర్లు. ఈ ఏడాది ఆ ఏడు బావుల్లో నీరు ఒక్కొక్క మీటరు పడిపోయింది, 30 మీటర్ల లోతున్న మిగతా మూడు బావులు పూర్తిగా ఎండిపోయాయి. ఎండిన బావిలో కొలవడానికి నీరే లేదు గనుక పట్టికలో ఆ గడులు ఖాళీగా మిగిలాయి. ఏడు బావుల సగటు 14. నిరుడు 17, ఈ ఏడు 14. ఒక్క బావిలోనైనా చుక్క నీరు పెరగకుండా మూడు మీటర్ల మెరుగుదల సాధించిన పరిపాలన మనది! ఎండిన మూడింటినీ కనీసం వాటి అడుగు లోతుతో లెక్క కట్టి ఉంటే సగటు 18.8 మీటర్లు వచ్చేది. అసలు నీరు ఇంకెంత కిందికి పోయిందో ఆ బావులు చెప్పలేవు కాబట్టి, అది కూడా ఉదారంగా వేసిన లెక్కే.

ఇక మార్గాల విభాగం. ఇక్కడ నేనొక పొరపాటు చేశాను, జమాఖర్చు రాశాను. వంద చదరపు కిలోమీటర్ల గట్టి రాతి ప్రాంతం తీసుకున్నాను. అలాంటి రాతిలో నీరు పగుళ్లలోనే నిలుస్తుంది కాబట్టి, మట్టం ఒక మీటరు దిగితే బయటికి వచ్చే నీరు ఆ రాతి ఘనపరిమాణంలో రెండు శాతం మాత్రమే, అంటే 20 లక్షల ఘనపు మీటర్లు. మోటార్లు ఏటా తోడేది 120 లక్షలు. వాన ద్వారా భూమిలోకి ఇంకేది 70 లక్షలు, పొలాలకు పెట్టిన నీటిలో నాలుగో వంతు తిరిగి కిందికి దిగడం వల్ల వచ్చేది 30 లక్షలు. లోటు 20 లక్షలు. మట్టం ఏటికి ఒక మీటరు పడిపోతున్నదెందుకో ఈ నాలుగు సంఖ్యలు చెబుతాయి.

గౌరవ సభ్యులవారికి అత్యంత ప్రీతికరమైన మార్గం ఇంకుడు చెరువులు. వాటికి శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. పదివేల ఘనపు మీటర్లు పట్టే చెరువులు ఇరవై తవ్వి, అవి ఏటా మూడుసార్లు నిండి, అందులో సగం నీరు ఇంకిందనుకున్నా దక్కేది మూడు లక్షలు. అది లోటులో ఆరో వంతు కూడా కాదు. పైగా ఒండ్రు పేరుకున్నకొద్దీ ఇంకడం తగ్గుతుంది, ఇక్కడ ఆపిన నీటిలో కొంత దిగువనున్న వారిది. దిగువ ప్రాంతం వేరే నియోజకవర్గం కావడంతో ఈ చివరి అంశాన్ని కార్యాలయం లాభాల పట్టికలోకి మార్చింది.

రెండో మార్గం బిందు సేద్యానికి రాయితీ. ఇది ఆధునికం, ఫొటోల్లో అందంగా వస్తుంది. దీనివల్ల తోడకం 120 నుంచి 100 లక్షలకు తగ్గిందనుకుందాం. అందరూ చప్పట్లు కొట్టే చోటు ఇదే. అయితే బిందు సేద్యంలో పొలం నుంచి కిందికి దిగే నీరు నాలుగో వంతు నుంచి ఇరవయ్యో వంతుకు, అంటే 30 నుంచి 5 లక్షలకు పడిపోతుంది. మిగిలిందనుకున్న నీటితో రైతు మరికొంత నేల తడుపుతాడు, అతని స్థానంలో ఉంటే మనమూ అదే చేస్తాం. ఇప్పుడు జమ 75, ఖర్చు 100, లోటు 25 లక్షలు. మీటరులో వాడకం తగ్గినట్టు కనిపిస్తుంది, బావిలో నీరు మునుపటికన్నా వేగంగా దిగుతుంది. ఇది నా ఊహ కాదు. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో నీరు ఆదా చేసే స్ప్రింక్లర్ నాజిల్స్‌కు రాయితీలిచ్చాక రైతులు తోడిన నీరు తగ్గకపోగా పెరిగిందని అక్కడి బావుల లెక్కలు పరిశీలించినవారు తేల్చారు.

మూడో మార్గమూ కాన్సస్ నుంచే వచ్చింది, దాన్ని రాసేటప్పుడు నా చేయి కొంచెం వణికింది. 2012లో అక్కడి చట్టసభ, ఒక ప్రాంతపు రైతులు తమ తోడకానికి తామే పరిమితి ప్రతిపాదించుకునేందుకు వీలు కల్పించింది. ఒగల్లాల అనే భూగర్భ జలాశయం మీదున్న షెరిడన్-6 అనే ప్రాంతం 2013 నుంచి దాన్ని అమలు చేసింది. ఎకరాకు అయిదేళ్లకు కలిపి 55 అంగుళాల నీరు, లక్ష్యం 20 శాతం తగ్గింపు. ఏ ఏడు ఎంత వాడుకోవాలో రైతు ఇష్టం, కనుక కరువు ఏట ఎక్కువ తోడి వానల ఏట మిగుల్చుకోవచ్చు. ప్రతి బావికీ మీటరు ఉంది, దాటితే జరిమానా ఉంది. కొందరు మొక్కజొన్న తగ్గించి జొన్న, గోధుమ వైపు వెళ్లారు, మరికొందరు నేలలో తేమ కొలిచాకే మోటారు వేశారు. వాడకం లక్ష్యాన్ని మించి తగ్గింది. మట్టం పడిపోవడం ఆగలేదు గానీ బాగా నెమ్మదించింది, గడువు తీరాక రైతులే మరో అయిదేళ్లకు పొడిగించుకున్నారు.

ఈ మార్గంపై కార్యాలయం రెండు ప్రశ్నలు వేసింది. దీన్ని ఎవరు ప్రారంభిస్తారు, రిబ్బను ఎక్కడ కట్టాలి? తోడకుండా మిగిలిన నీటికి శంకుస్థాపన ఎలా చేయాలో నాకు తోచలేదు. మీటర్లు బిగించే మాట ఎన్నికల తరువాత చూద్దామన్నారు, ఏ ఎన్నికలో చెప్పలేదు. చివరికి మూడో మార్గాన్ని అనుబంధంలోకి పంపి, మొదటి రెండింటినీ కలిపి అమలు చేయాలనీ, ఫలితాలను కొత్త పద్ధతిలో కొలవాలనీ నివేదికను ఖరారు చేశారు. కాగితం పొదుపు దృష్ట్యా అనుబంధాన్ని ముద్రించలేదు.

ఈలోగా నాలుగో పరిశీలక బావి కూడా ఎండింది. ఉన్నవాటిలో నీరు అన్నిటికన్నా లోతున ఉన్నది అందులోనే కాబట్టి, వచ్చే ఏటి సగటు ఇంకా ఆశాజనకంగా ఉండగలదని నివేదికలో ముందుగానే ఒక వాక్యం చేర్చి ఉంచాను.