నేల విడిచిన సాము

నిన్న ల్యాబులో జరగవలసిన డెమోను అయిదు నిమిషాల ముందు కాన్ఫరెన్సు గదికి మార్చారు. అతిథులు వస్తున్నారని అడ్మిన్ వారు అక్కడి గ్రానైటు నేలకు ముందురోజే అద్దంలా పాలిష్ పట్టించారు కాబట్టి, ఏం చూపించినా ఆ నేల మీదే చూపించాలట. ఎదుట ఉన్నవాటి దూరాన్ని బిందువు బిందువుగా కొలిచే డెప్త్ సెన్సరును మీటరు ఎత్తు స్టాండుకు బిగించి, డైరెక్టరు గారిని ఎదుటి గోడవార కుర్చీలో కూర్చోబెట్టి, ప్రోగ్రాము నడిపాను.

సెన్సరు ఇచ్చే మూడు లక్షల బిందువుల్లో నేలవి ఏరి తీసేస్తే మిగిలినవి గుంపులుగా విడిపోతాయి. ఒక్కో గుంపు ఒక్కో వస్తువు. నేలను వెతికే రాన్‌సాక్ పద్ధతి ఏవో మూడు బిందువులు పట్టుకుని, వాటి మీదుగా ఒక సమతలం ఊహించి, దానికి రెండు సెంటీమీటర్ల లోపు ఎన్ని బిందువులున్నాయో లెక్కపెడుతుంది. ఇలా వెయ్యిసార్లు చేశాక ఎక్కువ ఓట్లు వచ్చిన సమతలమే గెలుస్తుంది. అది నిజంగా నేలేనా అన్న విచారణ ఆ ఎన్నికలో లేదు.

మా ల్యాబు పెద్ద హాలు, గోడలు సెన్సరుకు అందవు కాబట్టి అక్కడ నేలకు పోటీయే లేదు. ఇక్కడ నాలుగు మీటర్లలోనే గోడ. పైగా ఏటవాలుగా పడిన పరారుణ కిరణాలను పాలిష్ నేల అటే జార్చేసింది గాని, సెన్సరుకు తిప్పి పంపలేదు. నేలకు డిపాజిట్ గల్లంతు, గోడకు ఘనవిజయం.

తెర మీద గోడంతా పచ్చరంగు పులుముకుని ‘నేల’ అయింది. గోడను అంటిపెట్టుకున్న క్యాలెండరు రెండు సెంటీమీటర్ల లోపే ఉన్నందున నేలలో కలిసిపోయింది. గోడగడియారం నేల మీద నిలబడిన ఆరు సెంటీమీటర్ల వస్తువుగా నమోదైంది. మరో వస్తువు, కుర్చీతో సహా డైరెక్టరు గారు. ఎత్తంటే మా ప్రోగ్రాముకు నేల నుంచి అత్యంత దూరపు బిందువు. గోడే నేలైనప్పుడు ఆ బిందువు వారి మోకాలు. వారి తల మీద పెద్ద అక్షరాలతో ‘ఎత్తు: 82 సెం.మీ.’ అని వెలిగింది. ఎత్తు ప్రస్తావన వస్తే మాట మార్చే మనిషి ఆయన. ఆ అక్షరాలు అంత పెద్దవిగా ఉండాలని గత నెల పట్టుబట్టినదీ ఆయనే. గదిలో ఎవరూ నవ్వలేదు, అదే ఎక్కువ బాధించింది. ఆయన మెల్లగా లేచి నిలబడ్డారు. మోకాళ్ళు వెనక్కి పోవడంతో ఎత్తు ఇంకాస్త తగ్గింది.

సాయంత్రం తప్పు దొరికింది. క్షితిజ సమాంతరానికి పది డిగ్రీలకు మించి వాలిన సమతలాన్ని అభ్యర్థిగా ఒప్పుకోవద్దని నేను ముందే రాసి ఉంచాను:

```
seg.setEpsAngle(10.0);
```

అది డిగ్రీలు కాదు, రేడియన్లు అడుగుతుంది. రెండు సమతలాల మధ్య కోణం 1.57 రేడియన్లు దాటదు కాబట్టి, పది అని రాస్తే ఏ గోడకూ నామినేషన్ తిరస్కరణ ఉండదు. 0.17 అని దిద్దాక గోడ గోడగానే మిగిలింది. నేల బిందువులు మాత్రం పలచగానే ఉన్నాయి. శుక్రవారం మళ్ళీ డెమో అట, గురువారం మళ్ళీ పాలిష్ అట.