నోటీసు ఇవ్వాలా, అక్కర్లేదా: ఒకప్పుడు పేరే తేల్చేది

ఒక వ్యాపారి లైసెన్సు రద్దయింది. అధికారి తన వాదన వినలేదని అతను కోర్టుకెళ్లాడు. ఈరోజైతే కోర్టు ముందుగా అతనికి జరిగిన నష్టాన్ని చూస్తుంది. 1960ల దాకా మొదటి ప్రశ్న వేరు: ఆ అధికారి చేసింది కోర్టులా హక్కుల వివాదం తేల్చే అర్ధన్యాయ పనా, పాలనాపరమైన పనా? పాలనాపరమైనదని తేలితే, ఎదుటివారి వాదన వినాలి, పక్షపాతం ఉండకూడదు అనే సహజ న్యాయ సూత్రాల ప్రస్తావనే అనవసరం. నోటీసు లేకపోయినా, వివరణ అడగకపోయినా ఉత్తర్వు నిలిచేది.

ఈ పట్టింపు పై కోర్టులు అధికారులకు ఇచ్చే ఆదేశాలైన రిట్ల నుంచి వచ్చింది. కింది అధికారి ఉత్తర్వును కొట్టేసే సర్షియోరరీ రిట్ న్యాయస్వభావం ఉన్న నిర్ణయాల మీదే పనిచేసేది. 1924లో ఇంగ్లండ్‌లో ఎలక్ట్రిసిటీ కమిషనర్ల కేసులో జడ్జి అట్కిన్ రెండు షరతులు చెప్పారు: పౌరుల హక్కులను తాకే ప్రశ్నలను తేల్చే అధికారం ఉండాలి, న్యాయబద్ధంగా నడుచుకోవలసిన బాధ్యతా ఉండాలి. తర్వాతి తీర్పులు ఆ బాధ్యతను చట్టంలో విడిగా వెతకడం మొదలుపెట్టాయి. చిక్కంతా అక్కడే వచ్చింది. విచారణ జరపాలని చట్టం రాసినచోట రక్షణ దొరికింది. చట్టం ఏమీ చెప్పనిచోట, అంటే రక్షణ ఎక్కువ అవసరమైనచోటే, అది దొరకలేదు.

మన సుప్రీంకోర్టు 1950లో ఖుషాల్‌దాస్ అద్వానీ కేసులో ఈ దారే పట్టింది. బొంబాయి ప్రభుత్వం 1947 నాటి ఆర్డినెన్సు కింద ఒక ఫ్లాటును స్వాధీనం చేసుకుంది. ‘ప్రభుత్వ అభిప్రాయంలో అవసరమైతే’ తీసుకోవచ్చని ఆ ఆర్డినెన్సు రాసింది. అభిప్రాయం ప్రభుత్వానిదే కనుక అది పాలనాపరమైన నిర్ణయమని మెజారిటీ తేల్చింది. అంటే చట్టం రాసేటప్పుడు ‘అభిప్రాయంలో’ అన్న ఒక్క మాట చేరిస్తే చాలు, ఇల్లు పోయే మనిషికి నోరెత్తే అవకాశం పోతుంది. ఈ పరీక్ష తప్పని నేననేది ఇందుకే. ఒకరి హక్కు ఎంత గట్టిదో చట్టం రాసినవారి పదాల ఎంపికకు వదిలేసింది.

చట్టం విచారణ జరపాలని రాసినచోట అదే పరీక్ష మనుషులను ఎలా కాపాడిందో కృష్ణా జిల్లా బస్సుల కేసులో కనిపిస్తుంది. ప్రైవేటు బస్సుల రూట్లను ప్రభుత్వ రవాణా సంస్థకు ఇచ్చే పథకం ఆంధ్రప్రదేశ్‌లో వెలువడింది. మోటారు వాహనాల చట్టంలోని 68-డి సెక్షన్ ప్రకారం ఆపరేటర్లు అభ్యంతరాలు చెప్పుకోవచ్చు, ప్రభుత్వం వాటిని విని పథకాన్ని ఆమోదించవచ్చు. అభ్యంతరాలు విన్నది రవాణా శాఖను చూస్తున్న కార్యదర్శి. నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి. 1958లో గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసులో సుప్రీంకోర్టు మొదట ఇది అర్ధన్యాయ పని అని తేల్చింది. ఒకవైపు ప్రభుత్వ రవాణా సంస్థ, మరోవైపు ఆపరేటర్లు, మధ్యలో వివాదం, పైగా విచారణ జరపాలని చట్టమే చెబుతోంది. ఆ మెట్టు దాటాకే అసలు లోపాల దగ్గరికొచ్చింది. పథకానికి సంబంధించిన శాఖ అధిపతే విచారణ జరపడం ఒకటి. వినేది ఒకరు, తేల్చేది మరొకరు కావడం రెండోది. వాదన వింటున్నప్పుడు కలిగే సందేహాలను అడిగి తీర్చుకునే వీలు, ఫైలు చదివి సంతకం పెట్టేవారికి ఉండదు కదా! పథకం ఆమోదం రద్దయింది. చట్టంలో 68-డి లాంటి సెక్షన్ లేకపోయి ఉంటే ఇదే ఆపరేటర్లకు గెలవడం చాలా కష్టమయ్యేది.

1963లో ఇంగ్లండ్‌లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ రిడ్జ్ కేసులో ఈ దారి నుంచి వెనక్కి తిరిగింది. బ్రైటన్ పోలీసు అధిపతిని తన వాదన చెప్పుకోనివ్వకుండా తొలగించారు. న్యాయబద్ధంగా నడుచుకోవలసిన బాధ్యత, ఆ అధికారం మనిషికి చేసే చేటు నుంచే పుడుతుందని లార్డ్ రీడ్ చెప్పారు. మన దగ్గర 1967లో బీనాపాణి దేయి కేసు అదే దారిలో నడిచింది. ఉద్యోగిని పుట్టిన తేదీని మార్చి ముందే రిటైర్ చేయించిన ఉత్తర్వు పాలనాపరమైనదే అయినా, సహజ న్యాయాన్ని పాటించాల్సిందేనని కోర్టు అంది.

1969 నాటి క్రైపాక్ కేసు అర్ధన్యాయ, పాలనా పనుల మధ్య గోడను దాదాపు కూల్చేసింది. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసుకు జమ్మూ కశ్మీర్ అధికారుల ఎంపిక. తాత్కాలిక చీఫ్ కన్జర్వేటర్ ఎంపిక బోర్డులో సభ్యుడు, తానూ అభ్యర్థే. తన పేరు వచ్చినప్పుడు పక్కకు తప్పుకున్నాడు కానీ, పోటీదారుల పేర్లు వచ్చినప్పుడు కూర్చునే ఉన్నాడు. జాబితాలో ఆయన పేరే మొదటిది. ఉద్యోగాలకు ఎంపిక చేయడం శుద్ధ పాలనా వ్యవహారమే. అయినా రెండింటి మధ్య గీత పలచబడిపోతోందని చెప్పి, కోర్టు ఎంపికను రద్దు చేసింది. జాబితా తర్వాత యూపీఎస్‌సీ దగ్గరికి వెళ్లిందన్న వాదనా నిలవలేదు, ఎందుకంటే బోర్డు సిఫారసుకు అక్కడ చాలా బరువు ఉంటుంది.

వర్గీకరణ పూర్తిగా చావలేదు. 1990లో ఎస్.ఎన్. ముఖర్జీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, అధికారులు అర్ధన్యాయ పని చేస్తున్నప్పుడు కారణాలు రాయాలని చెప్పింది, చట్టం మినహాయిస్తే తప్ప. కాబట్టి ఉత్తర్వును సవాలు చేసేవారు వినలేదన్న వాదనతోపాటు, ఆ పని ఏ స్వభావానిదో కూడా పిటిషన్‌లో రాసుకోవాలి. కారణాలు లేవన్న వాదన బలం ఇప్పటికీ దాని మీద ఆధారపడుతుంది.