సవరణ: వంశవృక్షం పట్టికలో తాతయ్య పుట్టిన సంవత్సరం

"తాతయ్య పుట్టింది 1926 అని రాశావు, జాతకంలో మాఘం అని ఉంది కదరా?" – పెద్దత్త

నిజమే అత్తా, తప్పు నాదే. అక్షయ నామ సంవత్సరం అనగానే 1926 వేసేశాను. కానీ అది 1926 ఉగాదికి మొదలై 1927 ఉగాది దాకా నడుస్తుంది, మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది. జాతకం కాగితం మడతల్లో చిరిగినా "మాఘ శుద్ధ పంచమి" స్పష్టంగానే ఉంది, పాత పంచాంగంతో కూడా సరిచూశాను, అంటే 1927 ఫిబ్రవరి.

సరైన వరస ఇది:

వ్యక్తి: తాతయ్య | బంధుత్వం: నాన్నకు నాన్న | పుట్టిన సంవత్సరం: 1927 | స్వస్థలం: తెనాలి

పాత పట్టిక దాచుకున్నవాళ్లు ఈ ఒక్క అంకె మార్చుకోండి. పుష్యం, మాఘం, ఫాల్గుణంలో పుట్టిన మిగతావాళ్లవీ మళ్లీ చూస్తున్నాను.