ఎర్రగీత గారు గుడిని జరిపిన వైనం

ముందుగా ఎర్రగీత గారికి వినయపూర్వక నమస్కారం. టైపు చేసిన మాట కింద వానపాములా మెలికలు తిరుగుతూ ప్రత్యక్షమయ్యే ఆ గీతే నేడు తెలుగు భాషకు సుప్రీం కోర్టు. వారికి సమాసాలతో పరిచయం లేదు. సంధి అంటే యుద్ధం ఆగాక రాజులు చేసుకునేదని వారి నమ్మకం. అయినా వారు తీర్పు చెప్పగానే ముప్పై ఏళ్లుగా తెలుగు రాస్తున్నవాడు కూడా తడబడి, "నిజమే కాబోలు" అని మౌస్ మీద చెయ్యి వేస్తాడు.

నేను ప్రూఫులు దిద్ది బతికేవాణ్ణి. అంటే, గీత గారి కోర్టులో గుమాస్తాని. ఆ హోదాలో ఒక కేసు వివరాలు సమర్పించుకుంటున్నాను.

ఒక సంఘంవారు సభ్యులకు పంపాల్సిన నోటీసు అది. ఏ సంఘమో అడక్కండి, అందులో నేనూ సభ్యుణ్ణే. కార్యదర్శిగారు రాసిన వాక్యం ఇది: "మార్చి 31 లోగా చందా చెల్లించనివారి పేర్లు జాబితా నుంచి తొలగించబడును." కర్మణి ప్రయోగం కాస్త బరువుగా ఉందే తప్ప తప్పేమీ లేదు. కానీ "చెల్లించనివారి" కింద గీత పడింది. కుడి బటన్ నొక్కితే మొదటి సూచనగా "చెల్లించినవారి" వచ్చింది. కార్యదర్శిగారు వినయవంతులు, ఒప్పుకున్నారు. నోటీసులో ఆ మాట వేరే విభక్తులతో మరో రెండు చోట్ల ఉంది. అక్కడా గీత పడింది, అక్కడా ఒప్పుకున్నారు. నోటీసు వెళ్లింది. చందా కట్టిన ప్రతివాడికీ తన పేరు కొట్టేస్తున్నారని తెలిసింది. కట్టనివాళ్లు హాయిగా నిద్రపోయారు.

నేను ఫోన్ చేస్తే ఆయన, "మాస్టారూ, ఎక్కడా ఒక్క గీత కూడా లేదే!" అన్నారు. నిజమే. తప్పు దొర్లాకే కాగితం శుభ్రంగా కనిపించింది.

ఇక్కడ జరిగిందేమిటో గీత గారి తరఫున నేనే విన్నవిస్తాను. అక్షరదోషాలు పట్టే ఈ యంత్రాల్లో చాలావాటి దగ్గర ఒక మాటల పట్టిక, దానికి తగిలించే ప్రత్యయాల నియమాలు కొన్ని ఉంటాయి. పట్టికలో దొరకని మాట కింద గీత పడుతుంది. ఎర్రగీతకు అర్థం "ఇది తప్పు" అని కాదు, "నేనెరగను" అని. కొత్త ఊళ్లో పోలీసు ఎదురైన ప్రతివాణ్ణీ దొంగ అన్నట్టుంటుంది వ్యవహారం. తెలుగు క్రియ ఒక్కటి తీసుకుంటే, చెల్లించనివారు, చెల్లించనివారికైనా, చెల్లించనివారందరికీ అంటూ తోక మీద తోక పెరుగుతుంది. అన్నీ పట్టికలో ఎక్కించడం ఎవరి తరం? వ్యతిరేక రూపాలు అనుకూల రూపాలంత తరచుగా రాయం కాబట్టి, పట్టిక బయట మిగిలిపోయేవి ఎక్కువగా అవే.

ఆపైన సూచన. మాట తెలియనప్పుడు యంత్రం దానికి దగ్గరగా ఉన్న తెలిసిన మాటను వెతుకుతుంది. ఒక గుర్తు తీసి, ఒకటి చేర్చి, పక్కపక్కనున్న రెంటిని తారుమారు చేసి చూస్తుంది. కంప్యూటర్ లోపల "చని" అంటే చ, న, గుడి. "చిన" అంటే చ, గుడి, న. ఒక్క తారుమారు! న మీదున్న గుడి చ మీదికి జరిగింది. యంత్రం లెక్కలో ఇంతకన్నా దగ్గరి చుట్టం దొరకదు. మన లెక్కలో అవును, కాదు అన్నంత దూరం. చాదస్తపు వ్యాకరణాలు దీన్ని వ్యతిరేక క్రియాజన్య విశేషణం అంటాయి. గీత గారు టైపింగ్ పొరపాటు అంటారు.

ఈ జంటలకు కొదవ లేదు. వెల్లడించని, వెల్లడించిన. పరిశీలించని, పరిశీలించిన. అనుమతించని, అనుమతించిన. "ఇంచు"తో ముగిసే క్రియలన్నిటిదీ ఇదే జాతకం. కాబట్టి ఫైలు చేతికి రాగానే నేను చేసే మొదటి పని, రచయిత పంపిన మూలంలో "చనివా" అని వెతికి ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టడం. దిద్దాక మళ్లీ అదే వెతుకుతాను. మూలంలో మూడుండి చివరి కాపీలో ఒక్కటీ లేకపోతే, రచయిత మనసు మారిందో, గీత గారి చెయ్యి పడిందో అడిగి తెలుసుకుంటాను. "చని" అని మాత్రమే వెతికితే చనిపోయినవాళ్లు కూడా లేచొస్తారు. వాళ్లను దాటేస్తే సరిపోతుంది.

ఒక్కో గీత దగ్గర నేను వేసుకునే ప్రశ్న చిన్నది: ఈ మాటను విడదీస్తే ముక్కలు నాకు తెలిసినవేనా? చెల్లించ, ని, వారు. తెలిసినవే. అయితే గీతను పట్టించుకోను. అలా కాక ముక్కల్లో ఒకటి పిచ్చిగా కనిపిస్తే, ఒత్తు పోయిందనో దీర్ఘం ఎగిరిందనో తేలితే, యంత్రం మాట వింటాను. పాపం, ఒత్తులు పోయినప్పుడు చెప్పడంలో దానికి సాటి లేదు. ఒప్పుకునే ముందు మాత్రం సూచనను వాక్యంలో పెట్టి మొత్తం చదువుతాను. విడిగా చూస్తే "చెల్లించినవారి" బంగారం లాంటి మాట. వాక్యంలోకి వచ్చాకే దాని బుద్ధి బయటపడుతుంది.

రెండో సరదా, జంట పదాలు. వరుసగా ఒకే మాట రెండుసార్లు వస్తే చాలు, చాలా యంత్రాలు ఒకటి తీసేయమంటాయి. "చెప్పి చెప్పి అలిసిపోయాను" అని రాస్తే, ఒకసారి చెప్పి అలిసిపోయిన సుకుమారుణ్ణి చేస్తాయి. "ఎవరు ఎవరు వచ్చారు?" అన్నది పదిమంది గురించి. ఒక "ఎవరు" తీసేస్తే వచ్చినవాడు ఒక్కడే కావచ్చు. నిజంగా పొరపాటున పడే జంటలు తరచుగా పంక్తి చివర ఒకటి, కింది పంక్తి మొదట్లో ఒకటి కూర్చుంటాయి. అక్కడ అనుమానించాలి. పంక్తి నడుమ పక్కపక్కనే ఉన్నవాటిని విడదీసే ముందు పెద్దలనడగాలి.

ఇక "నిఘంటువులో చేర్చు" అనే బటన్. విసుగొచ్చి దీన్ని నొక్కినవాళ్లు, దొంగకు ఇంటి తాళం చెవి ఇచ్చినవాళ్లతో సమానం. తప్పు మాటను ఒక్కసారి చేరిస్తే ఆ కంప్యూటర్‌లో అది మళ్లీ గీత కిందికి రాదు. పైగా "చెల్లించనివారి" చేర్చినంత మాత్రాన "చెల్లించనివారికి" చేరినట్టు కాదు, మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఈ ఫైలుకు మాత్రం వదిలేయమని చెప్పి ఊరుకుంటాను. మనుషుల పేర్లు, ఇంటిపేర్లు మాత్రమే చేరుస్తాను, అవీ ఆ మనిషిని అడిగాకే.

గీత పడనివాటి సంగతి వేరు. "అర్థరాత్రి" అని ఎంతమంది రాశారో, పట్టికలోకి అదీ దూరి కూర్చుంది. సగం అని చెప్పాల్సిన చోట ధ ఒత్తు ఉండాలి, అర్ధరాత్రి. ఇలాంటివి దొరకాలంటే గీతలన్నీ ఆపేసి ఒకసారి చదవాలి. గీతలున్నంతసేపు కన్ను గీత నుంచి గీతకు గెంతుతుంది, మధ్యలో ఉన్నదంతా నిర్దోషి అనుకుంటుంది.

కార్యదర్శిగారు రెండో నోటీసు పంపారు, సవరణతో. ఈసారి ముందుగా నాకు చూపించారు. "చెల్లించనివారి" కింద మూడు చోట్లా ఎర్రగీతలు మెలికలు తిరుగుతున్నాయి. "ఇవి ఇలాగే ఉంచమంటారా? చూసేవాళ్లు ఏమనుకుంటారు?" అని ఆయన బెంగ. ప్రింటులో గీత కనపడదని చెప్పడానికి నాకు పావుగంట పట్టింది.