పాత కొలువుకు కొత్త అర్జీ

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర చాయ్ తాగే మా పెద్దమనుషుల సభ ఈమధ్య ఒక గంభీరమైన విషయం చేపట్టింది. నా మేనల్లుడు హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీని వదిలి, వేరేచోట ఏడాదికి పైగా పనిచేసి, ఇప్పుడు మళ్లీ పాత కంపెనీకే పోతానంటున్నాడు. అక్కడి రిక్రూటర్‌కు మెయిలు రాయాలె. వాడు అడగకముందే సభ ముసాయిదా సిద్ధం చేసింది.

తహసీల్ ఆఫీసులో రిటైరైన పెద్దాయన చేయి అది. ‘తమరి దివ్య సముఖమునకు’ అని మొదలై, ‘తెలిసీ తెలియని వయసులో చేసిన తప్పును మన్నించి’ అని సాగి, ‘తమరి దయ ఎంత ఉంటే అంత జీతము’ అని ముగిసింది. పట్టా మార్పిడికైతే వంక పెట్టలేని అర్జీ.

“నేనేం తప్పు చేసిన మామా? తొంభై రోజుల నోటీసు పూర్తిగ చేసిన. పనంతా అప్పజెప్పిన. ల్యాప్‌టాప్ ఇచ్చిన. రిలీవింగ్ లెటర్ చేతికొచ్చింది” అన్నాడు పిల్లగాడు.

“మేనేజరు కేక్ గూడ కోయించిండా?”

“కోయించిండు.”

సభ సంతృప్తి చెందింది. మంచిగ విడిపోవడానికి మన దగ్గర కేకును మించిన సాక్ష్యం లేదు. కంపెనీకి మాత్రం ఆ కేకు గుర్తుండదు. దాని జ్ఞాపకశక్తి అంతా హెచ్‌ఆర్ రికార్డులో ఒక చిన్న గడిలో ఉంటుంది: ఈ మనిషిని మళ్లీ తీసుకోవచ్చా, కూడదా. మనం బయటికి నడుస్తున్నప్పుడు ఎవరో దాన్ని నింపుతారు, మనకు చూపించరు. నోటీసు మధ్యలో మాయమైనవాడికీ, కంపెనీ సామాను ఇవ్వనివాడికీ ఆ గడిలో ‘కూడదు’ పడుతుంది, కన్నీళ్లతో వీడ్కోలు పలికినా సరే. కొన్నిచోట్ల ‘తీసుకోవచ్చు’ అని ఉన్నా, పోయినాక ఇన్ని నెలలు గడవాలన్న నియమం ఉంటుంది. ఈ గుట్టు కనుక్కోగలిగేది పాత మేనేజరే. కాబట్టి మెయిలు కంటే ముందు పోవలసింది ఆయనకు ఫోను.

ఆ ఫోనుతో ఇంకో సంగతి కూడా బయటపడింది. వీడిని అప్పట్లో తీసుకున్న రిక్రూటరమ్మ తానే వేరే కంపెనీకి పోయిందట. మనుషులను నిలబెట్టే శాఖలో మనుషులు నిలవకపోవడం మీద సభ చాలాసేపు చింతించి, రెండో చాయ్ చెప్పింది. కొత్త రిక్రూటర్ పేరు మేనేజరే ఇచ్చాడు.

తర్వాత ఏ మెయిల్ ఐడీ నుంచి రాయాలన్నది వివాదమైంది. వాడి పాత ఐడీ కాలేజీ రోజులది, అందులో పేరు పక్కన ‘పులి’ ఉంది. మర్యాద కాదన్నారు పెద్దలు. కానీ కంపెనీ ఫైల్లో ఉన్నది ఆ పులే. కొత్త ఐడీతో దరఖాస్తు పడితే సిస్టమ్ వాడిని కొత్త మనిషిగా నమోదు చేసి, పాత నాలుగేళ్లను పక్కకు పెట్టేయొచ్చు. పులి నెగ్గింది.

చివరికి పిల్లగాడే కూర్చుని రాశాడు. సభకు గుండె కోతైనా ఇక్కడ అచ్చు వేస్తున్నాను:

‘విషయం: సీనియర్ టెస్టర్ ఖాళీ – పాత ఉద్యోగి, ఐడీ నంబరుతో

నమస్కారం మేడమ్. నేను మీ కంపెనీ బిల్లింగ్ టీములో నాలుగేళ్లు టెస్టర్‌గా పనిచేసి, నోటీసు పూర్తిచేసి వెళ్లాను. ఆటోమేషన్ పని నేర్చుకోవాలని మారాను, ఈ ఏడాది అదే చేశాను. ఇప్పుడు మీ వెబ్‌సైటులో ఉన్న సీనియర్ టెస్టర్ ఉద్యోగానికి అదే పని అడుగుతున్నారు. నా పాత మేనేజరుకు ఈ సంగతి తెలుసు. రెజ్యూమె జతచేశాను. నన్ను మళ్లీ తీసుకునే వీలుందో లేదో చెప్పగలరా?’

అంతే. క్షమాపణ లేదు, ఇప్పటి కంపెనీ మీద చాడీ లేదు, ‘నా ఇల్లు’ అన్న మాట లేదు. ఎందుకు పోయిండు, ఏం తెచ్చిండు, ఏ కుర్చీ అడుగుతుండు, ఈ మూడే ఉన్నాయి. జీతం మాట కూడా లేదు, వాళ్లడిగినప్పుడు చెప్పేదట. అది కూడా పాత జీతం మీద లెక్కగట్టి కాదు, ఇప్పటి మార్కెట్టు రేటు చూసి. కదలకుండా అక్కడే కూర్చున్న వాడి పక్క కుర్చీ మిత్రుడికి ఏటా పెరిగేది వేరు, పోయొచ్చినవాడికి దొరికేది వేరు. విశ్వాసానికి కంపెనీలు ఇచ్చే గౌరవం అట్లుంటది.

జవాబు వచ్చింది. గడిలో ‘తీసుకోవచ్చు’ అనే ఉంది. ఇంటర్వ్యూలో మా కంపెనీ గురించి మీకేం తెలుసని అడిగారు, వాడు ఓపికగా చెప్పాడు. ఇప్పుడు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ నడుస్తోంది. వీడు నిజంగా ఆ కంపెనీలో పనిచేసిండా లేదా అని బయటి ఏజెన్సీ ఒకటి ఆ కంపెనీకే మెయిలు పెట్టి, జవాబు కోసం చూస్తోంది.