సొంత ఎఫ్‌డీ మీద లోన్ తీసుకోవడం పిచ్చితనమా? ఒకసారి లెక్కేద్దాం

"సొంత డబ్బుకి మళ్ళీ 8 శాతం వడ్డీ కట్టడమేంటండీ, పిచ్చి కాకపోతే! ఎఫ్‌డీ బ్రేక్ చేస్తే పోయేది మహా అయితే 1 శాతం పెనాల్టీ. చేతిలో డబ్బు పడ్డాక కొత్త ఎఫ్‌డీ వేసుకుంటే సరిపోయె. లోన్ అంటే కాగితాలు, ఫీజులు, బ్యాంకు చుట్టూ తిరగడం. ఇదంతా బ్యాంకులోళ్ళ ఆట. అందరికీ షేర్ చేయండి."

ఈ మెసేజ్ మొన్న మా ఫ్యామిలీ గ్రూప్‌లోకి కూడా వచ్చింది, దాని కింద నాలుగు చప్పట్లు, రెండు దండాలు. ఓ గంటకి మా బావగారు ఫోన్. ఆయనకి అర్జెంటుగా రెండు లక్షలు కావాలి, మూడు నెలల్లో ఒక చోటి నుంచి ఖాయంగా డబ్బు వస్తుంది, ఈలోపు 5 లక్షల ఎఫ్‌డీ ఉంది కదా లేపేద్దామని. "సొంత డబ్బుకి వడ్డీ కట్టమంటావేంట్రా" అని మెసేజ్‌లో మాటే నాకు అప్పజెప్పారు. ఆగండి బావా, ఆ బటన్ నొక్కకండి, ముందు ఎఫ్‌డీ వివరాలు చదవండి అన్నా. రెండేళ్ళ డిపాజిట్, 7 శాతం, వేసి 20 నెలలైంది, ఇంకో 4 నెలల్లో అయిపోతుంది. ఫోన్‌లో ఇద్దరం కలిసి వేసిన లెక్కే ఇక్కడ రాస్తున్నా, చక్రవడ్డీ జోలికి పోకుండా సాదా వడ్డీతోనే, ఎవరైనా కాలిక్యులేటర్‌లో కొట్టి చూసుకోవచ్చు.

ముందు ఆ 8 శాతం సంగతి. ఎఫ్‌డీ మీద లోన్ రేటు మామూలుగా ఆ ఎఫ్‌డీకి వచ్చే రేటు కంటే ఒకటి నుంచి రెండు శాతం ఎక్కువ ఉంటుంది, బావగారి బ్యాంకులో ఒక శాతం, అంటే 8. మెసేజ్ రాసినాయన ఇక్కడితో ఆగిపోయాడు. లోన్ తీసుకున్నంత మాత్రాన ఎఫ్‌డీ ఎక్కడికీ పోదు, దాని మీద లీన్ అని ఒక తాళం పడుతుంది అంతే, వడ్డీ మాత్రం 5 లక్షల మీదా 7 శాతం లెక్కన వస్తూనే ఉంటుంది. రెండు లక్షలకి మూడు నెలలు 8 శాతం అంటే 4,000 కట్టాలి, అదే రెండు లక్షల మీద అదే మూడు నెలల్లో మనకొచ్చేది 3,500. చేతి నుంచి పోయేది 500. సొంత డబ్బుకి 8 శాతం కట్టడం అని ఊరంతా చెప్పే మాట వెనక ఉన్నది ఈ 500.

కాకపోతే ఇక్కడ లోనే మేలు అనే అవతలి వర్గం వాళ్ళు కూడా ఒక చిన్న మోసం చేస్తారు, "ఖర్చు ఒక్క శాతమే" అని. ఎఫ్‌డీ వడ్డీ మీద మనం ఇన్‌కమ్ టాక్స్ కట్టాలి, ఇంటి ఖర్చుకి తీసుకున్న లోన్ మీద కట్టిన వడ్డీకి మాత్రం ఏ మినహాయింపూ రాదు. 30 శాతం స్లాబ్‌లో ఉన్నవాళ్ళకి సెస్‌తో కలిపి 31.2 పోతే 7 శాతం వడ్డీ కాస్తా 4.8కి దిగుతుంది, కట్టేది మాత్రం పూర్తి 8. తేడా 3.2 శాతం. బావగారు ఆ స్లాబే కాబట్టి ఆయనకి నిజంగా పడేది 500 కాదు, 1,600 దాకా. టాక్స్ పడనివాళ్ళకి ఒక శాతం మాటే కరెక్టు.

ఇప్పుడు ఆ పెనాల్టీ, మెసేజ్ మొత్తంలో అసలు తప్పు ఉన్నది ఇక్కడే. ఒక శాతం అనగానే చాలామంది ఏమనుకుంటారంటే అసలులో ఒక శాతం, లేదా మిగిలిన నెలలకి ఒక శాతం, ఏదో ఒకసారి కోసుకుని వదిలేస్తారని. అలా కాదు. బ్రేక్ చేసినప్పుడు బ్యాంకు ముందు మీకిచ్చిన 7 శాతాన్నే పక్కన పెట్టేస్తుంది. మీరు డిపాజిట్ వేసిన రోజున, డబ్బు నిజంగా ఎన్ని నెలలు ఉందో అన్ని నెలల ఎఫ్‌డీకి ఆ బ్యాంకు ఎంత ఇచ్చేదో ఆ రేటు తీస్తుంది. బావగారి విషయంలో ఏడాది నుంచి రెండేళ్ళ లోపు డిపాజిట్‌కి ఆరోజు రేటు 6.75. అందులోంచి పెనాల్టీ ఒక శాతం తీసేస్తే 5.75. ఈ 5.75ని మొదటి రోజు నుంచి, అంటే గడిచిపోయిన 20 నెలలకీ, మొత్తం 5 లక్షల మీదా వేస్తారు, మీకు కావాల్సిన రెండు లక్షల మీద మాత్రమే కాదు.

7 శాతం లెక్కన 20 నెలలకి 58,333 రావాలి. 5.75 లెక్కన వచ్చేది 47,917. అంటే ఎప్పుడో సంపాదించేశాం అనుకున్న వడ్డీలోంచి పది వేల నాలుగొందలు వెనక్కి పోయాయి. ఇది విన్నాక బావగారు కాసేపు మాట్లాడలేదు, తర్వాత "అదేంటి, రెండు లక్షలకి కదా నేను అడిగింది" అన్నారు. అవును మరి, బ్రేక్ అంటే మొత్తం బ్రేక్. కొన్ని బ్యాంకులు కొంత మాత్రమే తీసుకోనిస్తాయి, సేవింగ్స్‌లో మిగిలిన డబ్బు దానంతటదే ఎఫ్‌డీగా మారే ఆటో స్వీప్ లాంటి వాటిలో ముక్కలుగా విరుగుతుంది, అప్పుడు నష్టం కూడా ఆ ముక్క వరకే. ఆ వెసులుబాటు లేని మామూలు ఎఫ్‌డీలూ ఉంటాయి. అందుకే 5 లక్షలు ఒకే ఎఫ్‌డీగా కాకుండా లక్ష చొప్పున ఐదు వేసుకోమని పెద్దోళ్ళు చెప్తుంటారు, మనమే పట్టించుకోం.

ఇంకో విషయం, పెనాల్టీ అన్ని చోట్లా ఒక శాతమే ఉండదు, అరశాతం తీసేవాళ్ళున్నారు, అసలు తీయనివాళ్ళూ ఉన్నారు. కానీ పెనాల్టీ సున్నా అయినా రేటు 7 నుంచి 6.75కి దిగడం మాత్రం ఆగదు. డిపాజిట్ వేసినప్పుడు ఇచ్చిన కాగితంలోనో యాప్‌లో ఎఫ్‌డీ వివరాల్లోనో ఉంటుంది, చూసుకోండి. క్లోజ్ చేసేముందు చాలా యాప్‌లు చేతికి ఎంత వస్తుందో చూపిస్తాయి కూడా, కన్‌ఫర్మ్ నొక్కకుండా ఆ అంకె రాసుకుని వెనక్కి వచ్చేయండి, సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

కొత్త ఎఫ్‌డీ వేసుకుంటే సరి అన్నది వినడానికి బాగుంది. ఏ రేటుకి? 2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపే ఆర్‌బీఐ తను బ్యాంకులకి అప్పిచ్చే రెపో రేటుని 6.5 నుంచి 5.5కి దించింది, దాంతో ఎఫ్‌డీ రేట్లూ దిగాయి. అంతకుముందు 7కి వేసుకున్నవాళ్ళకి అదే 7 మళ్ళీ ఇవ్వమంటే చాలా బ్యాంకులు ఇవ్వవు. పైగా బావగారికి మిగిలింది 4 నెలలే, అంత తక్కువ గడువుకి ఆయనకి చూపించిన రేటు 5.5. బ్రేక్ చేసి మిగతా 3 లక్షలు దానికి వేస్తే 5,500, మూడు నెలల తర్వాత తిరిగొచ్చే రెండు లక్షలు ఒక నెల సేవింగ్స్‌లో 3 శాతానికి పడుంటే 500, చేతికొచ్చిన వడ్డీ డబ్బు కూడా ఖర్చవకుండా డిపాజిట్ చేశారనుకుంటే ఇంకో తొమ్మిదొందలు. అన్నీ కలిపితే రెండేళ్ళు పూర్తయ్యేసరికి 54,800 దాకా. బ్రేక్ చేయకుండా లోన్ తీసుకుంటే 70,000 వడ్డీలోంచి లోన్ వడ్డీ 4,000 పోను 66,000. తేడా పదకొండు వేల పైచిలుకు. టాక్స్ కూడా లెక్కలోకి తీసుకుంటే, తక్కువ వడ్డీకి తక్కువ టాక్స్ కాబట్టి, ఈ తేడా ఆరున్నర వేల దగ్గరికి వస్తుంది. అయినా ఆరున్నర వేలు అంటే ఆరున్నర వేలే కదా, మూడు నెలల అవసరానికి.

కాగితాల గోల కూడా ఒకప్పటి మాట. ఒక్కరి పేరు మీద ఆన్‌లైన్‌లో వేసిన ఎఫ్‌డీ అయితే చాలా బ్యాంకుల్లో నెట్‌బ్యాంకింగ్‌లోనే ఓవర్‌డ్రాఫ్ట్, అంటే లిమిట్ లోపల కావాల్సినంత వాడుకునే లోన్ ఖాతా, తెరుచుకుంటుంది, తాకట్టు వాళ్ళ దగ్గరే ఉంది కాబట్టి జీతం స్లిప్పులు అవీ అడగరు, ప్రాసెసింగ్ ఫీజు చాలా చోట్ల ఉండదు. డిపాజిట్‌లో 90 శాతం దాకా లిమిట్ ఇస్తారు, కొన్నిట్లో ఇంకాస్త తక్కువ. బావగారికి నాలుగున్నర లక్షల లిమిట్ చూపించింది, అమ్మో అంత అప్పా అన్నారు. లిమిట్ మీద వడ్డీ ఉండదు, వాడుకున్న రెండు లక్షల మీదే, వాడుకున్న రోజులకే. మధ్యలో యాభై వేలు తెచ్చి వేస్తే ఆ రోజు నుంచే దాని మీద వడ్డీ ఆగిపోతుంది. తిరగాల్సి వచ్చేది ఎప్పుడంటే జాయింట్ ఎఫ్‌డీ అయితే, అందరి సంతకాలు కావాలి. ఇక 80సీ కోసం వేసిన 5 ఏళ్ళ టాక్స్ సేవర్ అయితే ఈ చర్చే అనవసరం, దాని మీద లోనూ రాదు, మధ్యలో బ్రేకూ అవ్వదు.

అలాగని ఆ మెసేజ్ ఎప్పుడూ తప్పే అనడం లేదు. బ్రేక్ నష్టం ఎఫ్‌డీ ఎన్నాళ్ళు నడిచింది అన్నదాన్ని బట్టి పెరుగుతుంది, లోన్ ఖర్చు అప్పు ఎన్నాళ్ళు ఉంటుంది అన్నదాన్ని బట్టి పెరుగుతుంది. అదే 5 లక్షల ఎఫ్‌డీ వేసి రెండు నెలలే అయిందనుకోండి, అప్పటి రెండు నెలల రేటు 5, పెనాల్టీ పోను 4, రావాల్సిన 5,833 బదులు 3,333 వస్తుంది, పోయింది 2,500. అవసరమేమో 4 లక్షలు, అదీ ఏడాదిన్నరకి. లోన్ అయితే ఒక శాతం తేడా మీదే 6,000, 30 శాతం స్లాబ్ అయితే 19,000 దాకా. అక్కడ కళ్ళు మూసుకుని బ్రేక్ చేసేయొచ్చు. మూడు నెలల్లో కడతా అని తీసుకుని, నెలకి 1,300 వడ్డీయే కదా అని పట్టించుకోకుండా ఎఫ్‌డీ గడువుదాకా లాగేవాళ్ళూ ఉంటారు, చివరికి బ్యాంకు ఎఫ్‌డీలోంచే బాకీ కోసుకుని మిగిలింది ఇస్తుంది, వాళ్ళ సంగతి వేరు.

బావగారు లోనే తీసుకున్నారు. చెప్పినట్టే మూడో నెలలో రెండు లక్షలు కట్టేశారు, వారం తర్వాత ఫోన్, "కట్టేశాను కదా, ఎఫ్‌డీ మీద ఇంకా లీన్ అనే చూపిస్తోందేంట్రా" అని. చూస్తే ఆఖరి కొన్ని రోజుల వడ్డీ వంద చిల్లర ఓవర్‌డ్రాఫ్ట్‌లో మిగిలుంది. అది కట్టి, ఓవర్‌డ్రాఫ్ట్ అకౌంట్ క్లోజ్ చేయమని విడిగా రిక్వెస్ట్ పెడితే గానీ తాళం ఊడలేదు, అసలు కట్టగానే దానంతటదే పోతుందనుకున్నాం ఇద్దరం.