బ్రేకింగ్ తుపాను పేజీ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ బ్రేకింగ్ తుపాను పేజీ గారికి,

బంగాళాఖాతంలో మబ్బు పట్టకముందే మీ పేజీలో ఈదురుగాలులు మొదలవుతాయి, అందుకు ముందుగా అభినందనలు. 2025 అక్టోబరులో మొంథా వచ్చినప్పుడు వాతావరణ శాఖ వాళ్లు, పాపం, గాలి గంటకు 62 కిలోమీటర్లు అందుకుని అది తుపాను అయ్యేదాకా ఆగి, 27న గానీ ఆ పేరు ఖాయం చేయలేదు. మీకంత ఓపిక ఎక్కడిది! పేర్ల జాబితా ముందే అందరికీ తెలుసు కదా అని వాయుగుండానికే బారసాల చేసేశారు.

అయితే నన్ను మురిపించింది మీ హెడ్డింగు: 'గంటకు 100 కిలోమీటర్ల వేగంతో ఆంధ్రావైపు దూసుకొస్తున్న రాకాసి'. ఆ లెక్కన పొద్దున 300 కిలోమీటర్ల దూరంలో ఉన్నది మధ్యాహ్నం భోజనాలకే మన వీధిలోకి రావాలి. మొంథా సుడిలో గాలి వేగం 90, 100 దాకా ఉన్నమాట నిజమే కానీ, ఆ సుడి మొత్తం సముద్రం మీద జరిగింది గంటకు పదిహేను ప్రాంతంలోనే. ఈ రెండు వేగాలూ వాతావరణ శాఖ బులెటిన్లో విడివిడిగానే ఉంటాయి, మీరే వాటికి పెళ్లి చేశారు. చివరికది 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది.

బులెటిన్ అంటే ఏమిటో మీకు పరిచయం లేదనుకుంటా, చెబుతాను. తుపాను ఉన్నన్నాళ్లూ rsmcnewdelhi.imd.gov.in లో మూడేసి గంటలకొకటి పెడతారు. పైన నంబరు, తేదీ, ఏ టైముకి చూసిన లెక్కో ఉంటాయి, కింద ఫలానా ఊరికి ఏ దిక్కున ఎన్ని కిలోమీటర్ల దూరమో రాస్తారు. ఉదయం 5.30 లెక్కలో కాకినాడకు 300 అనీ, 8.30 లెక్కలో 255 అనీ ఉందనుకోండి. మూడు గంటల్లో 45, అంటే గంటకు 15. ఆ మిగిలిన 255కి ఇంకో 17 గంటలు, అంటే అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నర. దారి మారొచ్చు, తీరం దగ్గర నెమ్మదించొచ్చు, నేరుగా కాకినాడకే రాకపోవచ్చు, అందుకే తర్వాతి బులెటిన్ చూసి మళ్లీ లెక్క వేసుకోవాలి. మీ పోస్టులో ఉండేది మాత్రం 'ఇప్పుడే అందిన వార్త'. ఏ ఇప్పుడో? పోయినేడాది స్క్రీన్‌షాట్ కూడా మీ దగ్గర ఇప్పుడే అందుతుంది, తేదీ ఉన్న పై అంచు మాత్రం ఎప్పుడూ కత్తిరించే ఉంటుంది.

మీ లోగో పక్కన 'ఐఎండీ అధికారికం' అని రాసుకోవడం కూడా చూశాను, ముచ్చటేసింది. అడ్రసులో ఎక్కడో మధ్యన gov అని ఇరికిస్తే సరిపోదండీ, https:// తర్వాత వచ్చే మొదటి గీతకు ముందున్న భాగం .gov.in తో ముగియాలి: mausam.imd.gov.in, మన రాష్ట్రానికి apsdma.ap.gov.in, నదులకైతే కేంద్ర జల సంఘం వాళ్ల ffs.india-water.gov.in. ఇక్కడ మీ పక్షాన ఒక మాట ఒప్పుకోవాలి. ఆ సర్కారు సైట్లు సరిగ్గా గాలి మొదలయ్యాకే మొరాయిస్తాయి, తెరుచుకున్నా ఇంగ్లిషు పీడీఎఫ్, ఫోన్లో వేళ్లతో సాగదీసి చదువుకోవాలి. మీరేమో తెలుగులో, ఎర్ర బాణాలతో, వెంటనే. మీ వ్యాపారం సగం వాళ్ల చలవే. అందుకే మా ఇంట్లో సిగ్నల్ ఉండగానే ఆ బులెటిన్ దించుకుంటాం, ఆ తర్వాత విపత్తుల సంస్థ వాళ్ల 1070కి ఫోన్.

వరదల్లో మీ ప్రతిభ వేరే లెవెల్. 'ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ ఎత్తేశారు, బెజవాడ ఖాళీ చేయండి' అని మీరు అరిచినప్పుడల్లా మా పిన్ని బీరువాలో పట్టుచీరలు పైకి సర్దుతుంది. గేట్లు ఎత్తేది నీళ్లు పోవడానికండీ, మామూలు వరదకీ డెబ్భై గేట్లూ కొంత కొంత ఎత్తుతారు. చూడాల్సింది కిందికి ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారన్నది. 3.97 లక్షలైతే మొదటి హెచ్చరిక, 5.69 లక్షలైతే రెండోది. 2024 సెప్టెంబరులో 11.43 లక్షలు పోయాయి, అదీ అసలు భయం. కాకపోతే అప్పుడు సింగ్ నగర్‌ని ముంచింది కృష్ణ కాదు, బుడమేరు వాగు, బ్యారేజీ అంకె దాని సంగతి చెప్పదు. మీరు ఆ రెంటికీ కలిపి ఒకే వీడియో వేశారు, అందులో కొట్టుకుపోయే కార్ల నంబరు ప్లేట్లు అసలు మన దేశానివే కావు.

వచ్చే తుపానుకి ఒక్క సాయం చేయండి: పోస్టు మీద తేదీ, టైము, బులెటిన్ నంబరు వేయండి. అవి వేశాక చెప్పడానికి ఇంకేమైనా మిగిలితే దాన్నీ చదువుతాం.

ఇట్లు,
మా పిన్ని తరఫున, చీరలు మళ్లీ కిందికి సర్దిపెట్టేవాడు